చేపకి ఇప్పుడే చెప్పకూడదు: పాస్ దగ్గర ఎక్స్‌పెడిటర్ వేసే లెక్క

ఒక టేబుల్ దగ్గర నలుగురు కూర్చున్నారు. నాలుగు ప్లేట్లు ఒకేసారి వచ్చాయి, నాలుగూ వేడిగా ఉన్నాయి. తినేవాళ్లకి అందులో వింతేమీ లేదు. వంటగది వైపు నుంచి చూస్తే సంగతి వేరు. ఎముకతో ఉన్న చికెన్ బ్రెస్ట్‌కి 22 నిమిషాలు కావాలి. చేప ఫిల్లెట్‌కి 6 నిమిషాలు చాలు. రెండూ వండేది వేరువేరు మనుషులు, వేరువేరు పొయ్యిల మీద. ఒకరి చేతిలో ఏముందో ఇంకొకరికి కనపడదు. అయినా రెండూ ఒకే నిమిషంలో బయటికి వెళ్లాలంటే, తాను వండకుండా అందరి వంటనీ చూస్తూ ఉండే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషే ఎక్స్‌పెడిటర్. వంటగదిలో అందరూ పొట్టిగా ఎక్స్‌పో అంటారు.

ఎక్స్‌పో నిలబడే చోటు పాస్. వంటగదికీ డైనింగ్ హాల్‌కీ మధ్య ఉండే పొడవాటి గట్టు అది. పైన హీట్ ల్యాంపులు, కళ్లకి ఎదురుగా ఆర్డర్లు రాసిన చీటీలు, అంటే టికెట్లు గుచ్చే పట్టీ. లోపలికి వెళ్లే ప్రతి ఆర్డరూ, బయటికి వెళ్లే ప్రతి ప్లేటూ ఆ గట్టు దాటాల్సిందే. ఫ్రెంచ్ వంటగదుల్లో ఈ పనికి పాత పేరు అబ్వాయర్, అంటే గట్టిగా అరిచేవాడు అని. 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ చెఫ్ ఎస్కోఫియే పెద్ద హోటళ్ల వంటగదిని స్టేషన్లుగా విడగొట్టి, ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించే పద్ధతిని స్థిరపరిచాడు. పనిని అలా విడగొట్టాక, విడిపోయిన ముక్కల్ని మళ్లీ ఒక చోట కలపడానికి ఒక గొంతు తప్పనిసరైంది. దానికి ముందే అన్నీ ఒకేసారి బల్లమీద పరిచే పాత పద్ధతి తగ్గి, ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే పద్ధతి యూరప్‌లో వాడుకలోకి వచ్చింది. అన్నీ ఒకేసారి పెట్టే రోజుల్లో టైమింగ్ ఇంత పెద్ద సమస్య కాదు. కోర్సులు వచ్చాకే అయింది.

పేరులో అరుపు ఉంది కాబట్టి ఈ పనంతా అరవడమే అనుకుంటారు చాలామంది. నేను కూడా పాస్ దగ్గరికి వచ్చిన కొత్తలో అలాగే అనుకున్నాను. టికెట్ రాగానే చదివేయడం, ప్లేట్ రాగానే పంపేయడం అని. అసలు పని ఏమిటంటే, దేన్ని ఎప్పుడు మొదలుపెట్టమనాలో తేల్చడం. దానికంటే కష్టమైనది, దేన్ని ఇంకా మొదలుపెట్టొద్దు అనాలో తేల్చడం.

ఒక టికెట్ తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. టేబుల్ 12, నలుగురు. ముందు రెండు సూప్‌లు, రెండు సాలడ్లు. తర్వాత మెయిన్స్: ఒక చికెన్, ఒక స్టీక్ మీడియం అంటే మధ్యస్థంగా కాల్చినది, ఒక రిజోటో అనే చిక్కటి ఇటాలియన్ అన్నం, ఒక చేప. స్టార్టర్లు సరిగ్గా 8:10కి పాస్ దాటాయి. ఇక్కడ ఎక్స్‌పో తనకి తాను వేసుకునే ప్రశ్న ఒక్కటే: మెయిన్స్ ఎన్ని గంటలకి వెళ్లాలి? సూప్, సాలడ్ తినడానికి సుమారు 15 నిమిషాలు. సర్వర్ ఖాళీ ప్లేట్లు తీసి, కత్తులు, ఫోర్కులు సర్దాక ఐదారు నిమిషాలు గడిస్తే చాలు. అంతకంటే ఎక్కువైతే టేబుల్ ఎదురు చూడటం మొదలుపెడుతుంది. అలా చూస్తే 8:32.

ఇక అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. చికెన్ అవెన్‌లో 18 నిమిషాలు, బయటికి తీశాక కోసేముందు 4 నిమిషాలు కదపకుండా పక్కన ఉంచాలి. మొత్తం 22. అంటే 8:10కే మొదలవ్వాలి. స్టీక్ గ్రిల్ మీద 9, పక్కన ఉంచడానికి 6, మొత్తం 15. అది 8:17కి. రిజోటో బియ్యం సర్వీస్‌కి ముందే ముప్పావు వంతు ఉడికించి చల్లార్చి ఉంటుంది కాబట్టి దాన్ని పూర్తిచేయడానికి 8 నిమిషాలు, అంటే 8:24. చేప 6 నిమిషాలు, 8:26. ఈ అంకెలు ప్రతి వంటగదికీ మారతాయి. అవెన్ మారితే మారతాయి, ముక్క మందం మారితే మారతాయి. అందుకే ఎక్స్‌పో మెనూలో ప్రతి వంటకం టైమ్‌నీ తన సొంత వంటగదిలో చూసి బట్టీపట్టి ఉండాలి.

చికెన్ మొదలైన నిమిషం గమనించండి. 8:10. సూప్ ఇంకా టేబుల్ మీదకి చేరనే లేదు, ఎవరూ చెంచా ముట్టలేదు. అయినా మెయిన్స్‌లో మొదటిదానికి అప్పుడే చెప్పేయాలి. చేపకి మాత్రం సర్వర్ వచ్చి "పన్నెండు క్లియర్" అన్నాకే చెప్పాలి. ఇది నిమిషాల తేడా మాత్రమే కాదు. చికెన్, స్టీక్ ఆగగలవు. అవి అయిపోయాక వెచ్చని చోట కొన్ని నిమిషాలు ఉన్నా పాడవవు, చివర్లో ఒక్క నిమిషం వేడి తగిలిస్తే తేరుకుంటాయి. చేప, రిజోటో అలా కాదు. చేప చర్మం కరకరలాడేది రెండు మూడు నిమిషాల్లో ఆవిరికి మెత్తబడిపోతుంది. రిజోటో ప్లేట్‌లో కదలకుండా గడ్డకడుతుంది. కాబట్టి వెనక్కి తీసుకోలేని నిర్ణయాన్ని ఎంత ఆలస్యంగా తీసుకోగలిగితే అంత మంచిది. ఆగగలిగేవాటిని ముందు మొదలుపెట్టి, ఆగలేనివాటిని టేబుల్ నుంచి కబురు వచ్చేదాకా పట్టి ఉంచాలి.

ఆ పట్టి ఉంచడం గొంతుతోనే జరుగుతుంది, అందుకే మాటలు తేడా లేకుండా ఉండాలి. వంటగదిలో ఒకే వంటకం గురించి ఎక్స్‌పో మూడు వేరువేరు సంగతులు చెప్తారు. మొదటిది, టికెట్ రాగానే "ఆర్డర్" అని చదవడం. దాని అర్థం ఇది రాబోతోంది, సిద్ధంగా ఉండండి అని మాత్రమే. కుక్ ముక్క బయటికి తీసి పెట్టుకుంటాడు, పొయ్యి మీద పెట్టడు. రెండోది "ఫైర్". ఇప్పుడు మొదలుపెట్టు అని. మూడోది "పికప్". ప్లేట్‌లో పెట్టి పాస్ మీదకి తీసుకురా అని. కొత్తగా వచ్చిన ఎక్స్‌పోలు ఎక్కువగా చేసే తప్పు మొదటిదాన్నీ రెండోదాన్నీ కలిపేయడం. టికెట్ చదవగానే గ్రిల్ కుక్ స్టీక్ వేసేశాడంటే, టేబుల్ సూప్ తినే లోపే అది అయిపోతుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

చెప్పే వరుస కూడా ముఖ్యం. ముందు "ఫైర్" అనే మాట, తర్వాత టేబుల్ నంబర్, తర్వాత ఎన్ని, ఏ వంటకం, చివర్లో మార్పులు. "ఫైర్, పన్నెండు. ఒక స్టీక్, మీడియం." అంతే. "అదీ, ఆ పన్నెండు వాళ్లకి ఆ స్టీక్ పెట్టేస్తావా" అంటే ఆ వాక్యంలో మొదటి సగం ఎవరికోసమో ఎవరికీ తెలియదు. మొదటి మాటకే కుక్‌లు చెవి పెడతారు. వాళ్ల చేతిలో పాన్ ఉంటుంది, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు ఉంటుంది. వాళ్ల దృష్టి మనవైపు ఉండేది రెండు సెకన్లే.

చెప్పాక జవాబు రావాలి. "యెస్ చెఫ్" అంటే చాలదని నేను నేర్చుకున్నది ఒక శనివారం రాత్రి. పట్టీ మీద దాదాపు పదిహేను టికెట్లు ఉన్నాయి. "ఫైర్, ఏడు. రెండు స్టీక్, మీడియం" అన్నాను. గ్రిల్ దగ్గరున్న అబ్బాయి "యెస్ చెఫ్" అన్నాడు, నేను ఏడు టికెట్ మీద గీత కొట్టి ముందుకు పోయాను. పది నిమిషాల తర్వాత అతను స్టీక్‌లు పాస్ మీద పెట్టి "మూడు" అన్నాడు. మూడో టేబుల్‌కీ రెండు స్టీక్‌లే ఉన్నాయి, వాళ్లకింకా సూప్ కూడా వెళ్లలేదు. ఫ్యాన్ హోరులో మూడూ ఏడూ ఒకేలా వినిపిస్తాయి, చివర ఉన్న "డు" మాత్రమే చెవిన పడుతుంది. తప్పు అతనిది కాదు. అతను విన్నదానికే యెస్ అన్నాడు. అతను ఏం విన్నాడో నేను తెలుసుకోలేదు. ఆ రాత్రి ఏడో టేబుల్ వాళ్లు మెయిన్స్ కోసం అరగంటకి పైగా కూర్చున్నారు. ఆ టేబుల్ దగ్గర ఒక చిన్న పిల్ల కుర్చీలోనే నిద్రపోవడం పాస్ దగ్గర్నుంచి నాకు కనిపించింది. అది నేను మరిచిపోలేదు.

అప్పటినుంచి మా వంటగదిలో జవాబంటే విన్నదాన్ని తిరిగి చెప్పడమే. "ఏడు, రెండు స్టీక్, మీడియం." విమానం పైలట్లు కంట్రోల్ టవర్ ఇచ్చిన అనుమతిని తిరిగి చదివి వినిపించేది కూడా ఇందుకే. ఒక్క సెకను ఎక్కువ పడుతుంది, కానీ తప్పు ఆ సెకనులోనే బయటపడుతుంది. ఏడు, మూడు లాంటి జంటలుంటే ఇంకో మాట జోడించాలి: "ఏడు, కిటికీ పక్కన." ఇంగ్లిష్‌లో నంబర్లు పిలిచే వంటగదుల్లో థర్టీన్, థర్టీ ఇలాగే ముంచుతాయి. కొన్ని చోట్ల అందుకే "వన్ త్రీ" అని అంకెలు విడదీసి పిలుస్తారు.

ఇంకో కట్టుబాటు, లోపలికి వెళ్లే మాట ఒక్క నోటి నుంచే వెళ్లాలి. సర్వర్ నేరుగా చేప కుక్ దగ్గరికి వెళ్లి "పన్నెండుకి ఇంకో చేప, త్వరగా" అన్నాడనుకోండి. పని అప్పటికి జరిగిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆ చేప ఏ టికెట్ మీదా లేదు. ఎక్స్‌పో లెక్కలో లేదు. కుక్ దాన్ని ముందు పెట్టడం వల్ల ఇంకో టేబుల్ చేప వెనక్కి జరిగిన సంగతి ఎవరికీ తెలియదు. సర్వర్ అడగాల్సింది ఎక్స్‌పోని, కుక్ చెప్పాల్సింది ఎక్స్‌పోకి. ఇది పెత్తనం కోసం పెట్టిన నియమం అనుకునేవాళ్లని చూశాను. ఒక రాత్రి పాస్ దగ్గర నిలబడితే ఆ అనుమానం పోతుంది.

ఇప్పుడు మన పన్నెండో టేబుల్ దగ్గరికి వద్దాం. 8:23. సర్వర్ వచ్చి చెప్పింది: ఒకాయన ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లారు, సాలడ్లు సగం కూడా అవలేదు. అప్పటికి చికెన్ అవెన్‌లో ఉంది, స్టీక్ గ్రిల్ మీద ఉంది. రిజోటోకి ఇంకో నిమిషంలో చెప్పాలి. ఎక్స్‌పో వెంటనే పిలిచాడు: "పన్నెండు హోల్డ్. రిజోటో, చేప మొదలుపెట్టొద్దు. కొత్త టైమ్ ఎనిమిది ముప్ఫై ఎనిమిది." నాలుగు స్టేషన్లూ తిరిగి చెప్పాయి. టికెట్ మీద పాత టైమ్ కొట్టేసి కొత్తది రాశాడు. స్టీక్ 8:26కి దిగి 6 నిమిషాల బదులు 12 నిమిషాలు పక్కన ఉంటుంది, చికెన్ 4 బదులు 10. రెండిటికీ ఫరవాలేదు. నష్టం సున్నా. అదే చేపకి కూడా తొందరపడి 8:20కి చెప్పేసి ఉంటే అది చెత్తబుట్టలోకే.

వంటగదిలో కంప్యూటర్ తెరలు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు ఇప్పుడు. టికెట్ ఎంతసేపటి నుంచి ఉందో రంగుతో చూపిస్తాయి, వంటకాల టైమ్‌లు ముందే పెట్టుకుంటే దేన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా కొన్ని చెప్తాయి. లెక్క వరకు బాగానే చేస్తాయి. ఒకాయన ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లినట్టు మాత్రం ఎవరో వచ్చి చెప్తేనే తెలుస్తుంది. అందుకే సర్వర్లు ఎక్స్‌పోకి చెప్పే చిన్న చిన్న కబుర్లే ఈ పనికి ఆధారం.

ఈ లోపు ఇంకో చిక్కు. టేబుల్ 7, ఇద్దరు, స్టార్టర్లు లేవు, రెండు చేపలు. వాళ్ల టికెట్ 8:20కి వచ్చింది. చేప స్టేషన్‌లో పాన్‌కి ఒకేసారి నాలుగు ఫిల్లెట్లే పడతాయి, అది 8:31 దాకా వేరే టేబుళ్ల చేపలతో నిండి ఉంది. పన్నెండో టేబుల్ చేపని ఎలాగూ 8:32కి పెట్టాలి. అందుకని ఎక్స్‌పో రెండిటినీ కలిపేశాడు: "ఫైర్, చేప. పన్నెండుకి ఒకటి, ఏడుకి రెండు. ఆల్ డే మూడు." ఆల్ డే అంటే ప్రస్తుతం పట్టీ మీదున్న టికెట్లన్నిటిలో ఆ వంటకం మొత్తం ఎన్ని అని. రోజు మొత్తం అని కాదు. కుక్‌కి టేబుళ్ల వారీ వివరం గుర్తుండకపోయినా, మూడు అనే అంకె గుర్తుంటుంది. చేతిలో ఎన్ని ఉండాలో దానితో సరిచూసుకుంటాడు. ప్రతి కొన్ని టికెట్లకోసారి ఆల్ డే మళ్లీ చెప్పకపోతే, ఎక్కడో ఒకచోట ఒకటి తగ్గుతుంది. ఆ తగ్గింది తెలిసేది పికప్ పిలిచినప్పుడే.

8:36కి చేప కుక్ కేక వేశాడు: "చెఫ్, ఒక చేప విరిగింది. మళ్లీ పెడుతున్నా. ఆరు నిమిషాలు." చర్మం పాన్‌కి అంటుకుని తిప్పేటప్పుడు చీలిపోయింది. ఇక్కడ నేను ఆగి చెప్పాల్సింది ఒకటుంది. వంటగదిలో ఎవర్ని ఎప్పుడు అడిగినా వచ్చే జవాబు "రెండు నిమిషాలు". అది అబద్ధం చెప్పాలని కాదు, టెన్షన్‌లో నోటికొచ్చే మాట. కానీ ఎక్స్‌పో ఆ రెండు నిమిషాల మీదే మిగతా మూడు ప్లేట్ల సంగతి తేలుస్తాడు. రెండు నిజమైతే ఆగొచ్చు. ఆరు అయితే వేరే ఏర్పాటు చేయాలి. రెండు అని చెప్పి ఆరు తీసుకుంటే మిగతా మూడూ ల్యాంపు కింద చచ్చిపోతాయి. సాస్ పైన పొర కడుతుంది, స్టీక్ మీడియం దాటి పోతుంది. కాబట్టి నిజం చెప్పిన కుక్‌ని తిట్టకూడదు. ఒక్కసారి తిట్టామా, రేపటినుంచి అన్నీ రెండు నిమిషాలే. అడిగే తీరు కూడా మార్చుకోవాలి. "అయిందా?" అని కాదు, "ప్లేట్ నా చేతికి ఎన్ని నిమిషాల్లో?" అని అడగాలి.

ఆరు నిమిషాలు అంటే 8:42. ఎక్స్‌పో ముందు కొన్ని దారులు ఉన్నాయి. ఏడుకి అయిన రెండు చేపల్లో ఒకటి పన్నెండుకి ఇచ్చేయొచ్చు. కానీ ఏడో టేబుల్ ఇద్దరివీ చేపలే, 8:20 నుంచి ఏమీ తినకుండా కూర్చున్నారు. ఒకటి లాక్కుంటే ఇద్దరూ ఆగాలి. వద్దు. పన్నెండుకి మూడు ప్లేట్లు ముందు పంపి, నాలుగోది తర్వాత ఇవ్వొచ్చు. అలా చేస్తే ఒకరు చూస్తూ కూర్చుంటారు, ముగ్గురు మొహమాటపడి తినకుండా చల్లార్చుకుంటారు. టేబుల్ వాళ్లు తామే అడిగితే తప్ప నేనైతే ఆ పని చేయను. మిగిలింది మొత్తాన్ని 8:42కి జరపడం. రిజోటో పొయ్యి మీద 6 నిమిషాలు అయింది, ఇంకా వెన్న, చీజ్ కలపలేదు. "రిజోటో, మంట మీంచి తియ్యి. వెన్న ఇప్పుడే వద్దు. నలభైకి పూర్తి చెయ్యి." వెన్న కలిపాక ఆపితే గడ్డకడుతుంది, ముందు ఆపితే చివర్లో కాస్త వేడి స్టాక్ రసం పోసి తేర్చొచ్చు. సర్వర్‌తో ఒక మాట: "పన్నెండు ఇంకో ఆరు నిమిషాలు. ఇప్పుడే వెళ్లి చెప్పు." అడగకముందే చెప్తే ఆరు నిమిషాలు ఆరే. వాళ్లే పిలిచి అడిగాక చెప్తే అవే పదిహేనులా ఉంటాయి.

8:38కి ఏడో టేబుల్ రెండు చేపలూ పాస్ మీదకి వచ్చాయి. ప్రతి ప్లేట్‌నీ ఎక్స్‌పో టికెట్‌తో సరిచూడాలి, ఇది జ్ఞాపకం మీద చేసే పని కాదు. టికెట్‌ని వేలితో పట్టుకుని చదవాలి. ఏడు టికెట్ మీద సీట్ 2 పక్కన ఎర్ర ఇంకుతో గుండ్రంగా చుట్టి ఉంది: నట్స్ అలర్జీ. ఆ చేప పైన మామూలుగా వేయించిన బాదం చల్లుతారు. టికెట్ వచ్చినప్పుడే దాన్ని ప్రత్యేకంగా పిలిచారు, వేరే ఏ మాటతోనూ కలపకుండా. చేప స్టేషన్, ప్లేట్‌ని చివర్లో అలంకరించే గార్నిష్ వాళ్లు ఒక్కొక్కరుగా తిరిగి చెప్పేదాకా ఎక్స్‌పో తర్వాతి టికెట్ చదవలేదు. ఇప్పుడు ప్లేట్ మీద బాదం లేదు. అయినా అడగాలి: "శుభ్రమైన పాన్, కొత్త గరిటె, అవునా?" పొరపాటున బాదం పడి ఉంటే ఏరి తీసేసి పంపడం కుదరదు. పొడి అయినా చాలు ఒక మనిషిని ఆస్పత్రికి పంపడానికి. ఆ ప్లేట్ మొత్తం పక్కనపెట్టి మొదటినుంచి మళ్లీ చేయాల్సిందే, టేబుల్ ఎంత ఆలస్యమైనా సరే. టైమింగ్ గురించి ఇంత చెప్పాను కానీ, ఈ ఒక్కచోట గడియారం చూడకూడదు.

ఆ హడావుడిలో కొత్త టికెట్లు మూడు వచ్చి పట్టీ మీద చేరాయి. గార్నిష్ అబ్బాయి "చెఫ్, ఇప్పుడేం కావాలి?" అన్నాడు. ఇంకో నిమిషానికి గ్రిల్ నుంచి కూడా అదే ప్రశ్న. ఇది నేను గుర్తుపట్టడం నేర్చుకున్న సూచన. కుక్‌లు ఇలా అడుగుతున్నారంటే వాళ్ల తలలో బొమ్మ చెదిరిపోయిందని అర్థం. ఇలాంటప్పుడు ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా పిలిస్తే పని చేయదు. ఎక్స్‌పో చేతులు రెండూ పాస్ మీద పెట్టి అన్నాడు: "అందరూ వినండి. బోర్డు చదువుతున్నా." పాన్‌లు కదపడం ఆగలేదు కానీ మాటలు ఆగాయి. వెళ్లాల్సిన వరుసలో మూడు టికెట్లే చదివాడు, పట్టీ మొత్తం కాదు. పన్నెండు, తర్వాత నాలుగు, తర్వాత తొమ్మిది. ఆ తర్వాత ఆల్ డే. ఇరవై సెకన్లు పట్టింది. తలలు మళ్లీ వంగాయి.

అలాంటి సమయంలోనే ఎక్స్‌పోకి గ్రిల్ దగ్గరికి వెళ్లి ఒక చెయ్యి వేద్దామని బలంగా అనిపిస్తుంది, ముఖ్యంగా తానే హెడ్ చెఫ్ అయితే. చిన్న వంటగదుల్లో తప్పదు, వండేదీ పిలిచేదీ ఒక్కరే. ఇంకొకరు ఉన్నచోట మాత్రం పాస్ వదలకూడదు. గ్రిల్ దగ్గర రెండు నిమిషాలు ఆదా చేస్తే, చూసేవాళ్లు లేక పాస్ మీద నాలుగు ప్లేట్లు చల్లారతాయి.

8:40. "పన్నెండు, రెండు నిమిషాల్లో పికప్. స్టీక్, చికెన్, వేడి తగిలించండి. రిజోటో, పూర్తి చెయ్యి." నాలుగు గొంతులు తిరిగి చెప్పాయి. 8:41కి చికెన్ కోసి ప్లేట్‌లో పెట్టారు, పక్కనే స్టీక్ వచ్చింది. రిజోటో వచ్చాక ఎక్స్‌పో ప్లేట్‌ని కాస్త వంచి చూశాడు, మెల్లగా జారింది. చేప అన్నిటికంటే చివర్లో వచ్చింది, చర్మం పైకి పెట్టి. వేలిగోటితో తట్టాడు, కరకరమంది. ప్లేట్ల అంచులు తడిగుడ్డతో తుడిచి, సీట్ నంబర్ల వరుసలో, ప్లేట్లు టేబుల్‌కి మోసుకెళ్లే రన్నర్ ముందు పెట్టాడు: "ఒకటి చికెన్, రెండు చేప, మూడు స్టీక్, నాలుగు రిజోటో. వెళ్లు." రన్నర్ టేబుల్ దగ్గర నిలబడి చేప ఎవరిదండీ అని అడగాల్సిన పని లేదు. టికెట్ మీద అడ్డంగా గీత కొట్టి, టైమ్ రాసి, పాస్ అంచున ఉన్న మేకుకి గుచ్చాడు. "ఫైర్, నాలుగు."